పది గూళ్లు, నాలుగు వలయాలు, ఆరు మార్పిడులు

కిందటి ఏడాది ఇంటికి రంగులు వేయించాం. ముందుగదిలో గోడకు బిగించిన చెక్క అరకి పది గూళ్లున్నాయి. నాన్న ఒక వారపత్రికను ఏడాదికో బైండు చొప్పున పదేళ్లపాటు కుట్టించి, వీపు మీద 1 నుంచి 10 దాకా అంకెలు రాయించి, ఒక్కో గూట్లో ఒక్కోటి దాచుకున్నారు. రంగులు వేసేవాళ్లు ఆ బైండ్లన్నీ కిందికి దింపి, పని అయ్యాక మళ్లీ ఎక్కించారు. వరస చూసి పెట్టమని మేమెవరం వాళ్లకు చెప్పలేదు. సాయంత్రం చూస్తే అర ఇలా ఉంది:

```
గూడు :  1  2  3  4  5  6  7  8  9  10
బైండు:  6  8  9 10  5  3  4  2  1   7
```

బైండ్లు బరువు, గూళ్లేమో బైండుకి సరిగ్గా సరిపడేంత. పక్కకు జరపడానికి చోటు లేదు. నేనొక స్టూలు మీద, నా మేనల్లుడు ఇంకో స్టూలు మీద నిలబడి, చెరొక బైండు తీసి, నాది వాడికి, వాడిది నాకు అందించుకుని, ఖాళీ అయిన గూళ్లలో పెట్టాలి. అది ఒక మార్పిడి. ఆ తర్వాత స్టూళ్లు దిగి, జరిపి, మళ్లీ ఎక్కాలి.

"ఆగు మావయ్యా, ఎన్నిసార్లు ఎక్కి దిగాలో ముందే లెక్కేద్దాం" అని వాడు కాగితం మీద ఏవో బాణాలు గీశాడు. నిమిషం కాకముందే "ఆరు" అన్నాడు.

"అయిదుతో అవదా?"

"అవదు. ఎవరు చేసినా, ఎలా చేసినా అవదు."

ఆరుతో అవుతుందని చెప్పడం వేరు, ఆరుకి తక్కువతో ఎవరివల్లా కాదని చెప్పడం వేరు. మొదటిది చేసి చూపిస్తే సరిపోతుంది. రెండోదానికి లోకంలో ఉన్న పద్ధతులన్నీ ప్రయత్నించి చూడలేం కదా. మరి వాడికి అంత ధీమా ఎక్కడిది? ఆ కాగితం మీది బాణాల్లోనే ఉంది.

గూడు చెప్పిన దారి

నాకు మొదట తోచిన లెక్క ఇది. పదింటిలో 5వ బైండు ఒక్కటే తన గూట్లో ఉంది, తొమ్మిది తప్పాయి. ఒక మార్పిడితో రెండు బైండ్లు కదులుతాయి కాబట్టి తొమ్మిదిలో సగం, అంటే అయిదు మార్పిడులు చాలాలి. చాలామందికి ముందు తట్టేది ఇదే. ఇందులో పొరపాటేమిటంటే, ఒక మార్పిడితో రెండు బైండ్లూ ఇల్లు చేరాలంటే ఒకదాని చోట్లో ఇంకొకటి, దాని చోట్లో ఇది ఉండాలి. మా అరలో అలాంటి జంట ఒక్కటే: 2వ గూట్లో 8, 8వ గూట్లో 2. మిగతావాటికి ఆ అదృష్టం లేదు.

వాడు చేసింది వేరు. 1వ గూటి దగ్గర మొదలుపెట్టాడు. అందులో 6 ఉంది. సరే, 6వ గూటికి వెళ్లాడు. అక్కడ 3 ఉంది. 3వ గూట్లో 9. 9వ గూట్లో 1. బయల్దేరిన చోటికే తిరిగొచ్చాడు. ఆ దారిని 1 → 6 → 3 → 9 → 1 అని రాసుకున్నాడు. ఇది నాలుగు గూళ్ల వలయం.

ఇంతవరకు చూడని గూళ్లలో మొదటిది 2. అందులో 8, 8లో 2. ఇది రెండు గూళ్ల వలయం. తర్వాత 4వ గూడు: అందులో 10, 10లో 7, 7లో 4. మూడు గూళ్ల వలయం. చివరికి 5 మిగిలింది. దాని గూట్లో అదే ఉంది కాబట్టి అది ఒంటరి వలయం. దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. దాన్ని మరచిపోవడంవల్లే ఈ లెక్క తరచుగా తప్పుతుంది.

దారి ఎప్పుడూ బయల్దేరిన గూటికే ఎందుకు తిరిగొస్తుంది? మధ్యలో ఇంకెక్కడో చిక్కుకుని తిరగదా? తిరగదు. ప్రతి గూట్లో ఒకే బైండు ఉంది, ప్రతి బైండుకీ ఒకే గూడు ఉంది. అంటే ప్రతి గూట్లోంచి బయటికి ఒకే బాణం, ప్రతి గూట్లోకి ఒకే బాణం. దారి మధ్యలోని గూటికి రెండోసారి రావాలంటే అక్కడికి రెండు బాణాలు ఉండాలి. అది కుదరదు కాబట్టి, దారి మూసుకుంటే మొదటి గూటి దగ్గరే మూసుకుంటుంది.

మన ఇంటర్మీడియట్ పుస్తకాల్లో ఇలాంటి వరసను ప్రస్తారం అంటారు. ఈ వలయాలకు గణితంలో చక్రాలని పేరు. మా అరలో వలయాలు నాలుగు, బైండ్లు పది. పదిలోంచి నాలుగు తీసేస్తే ఆరు. మేనల్లుడి లెక్క మొత్తం అంతే.

ఆరుతో సర్దడం

పెద్ద వలయంతో మొదలుపెట్టాం. 1వ గూట్లో ఉన్న 6ని దాని గూటికి పంపాలి కాబట్టి 1, 6 గూళ్ల మధ్య మార్పిడి. 6 ఇల్లు చేరింది, 1వ గూట్లోకి 3 వచ్చింది. ఇప్పుడు 1, 3 గూళ్ల మధ్య మార్పిడి. 3 ఇల్లు చేరింది, 1వ గూట్లోకి 9 వచ్చింది. మూడోసారి 1, 9 గూళ్ల మధ్య. ఈసారి 9తోపాటు 1 కూడా తన గూటికి వచ్చేసింది.

ఆ ఆఖరి మార్పిడిని కాస్త నిలబడి చూడాలి. నాలుగు బైండ్ల వలయం మూడు మార్పిడులతో అయిపోయింది. మొదటి రెండింటిలో ఒక్కొక్క బైండే ఇల్లు చేరింది, చివరిదాంట్లో రెండు చేరాయి. ఏ వలయంలోనైనా ఇంతే. అందరూ తమ చోట్లకు వెళ్లాక మిగిలిన చివరివాడికి మిగిలిన చివరి చోటు తనదే అవుతుంది. అలా ప్రతి వలయమూ ఒక మార్పిడిని మనకు మిగులుస్తుంది. మూడింటి వలయానికి రెండు మార్పిడులు, జంటకు ఒకటి, ఒంటరికి సున్న. పది బైండ్లకు పది మార్పిడులు అవుతాయనుకుంటే, నాలుగు వలయాలు నాలుగింటిని మిగిల్చాయి. మొత్తం వరస ఇలా నడిచింది:

```
మొదట    :  6  8  9 10  5  3  4  2  1  7
1వ మార్పిడి:  3  8  9 10  5  6  4  2  1  7
2వ మార్పిడి:  9  8  3 10  5  6  4  2  1  7
3వ మార్పిడి:  1  8  3 10  5  6  4  2  9  7
4వ మార్పిడి:  1  2  3 10  5  6  4  8  9  7
5వ మార్పిడి:  1  2  3  7  5  6  4  8  9 10
6వ మార్పిడి:  1  2  3  4  5  6  7  8  9 10
```

అయిదుతో ఎందుకు కాదు?

ఇక అసలు సంగతి. ఒక మార్పిడి చేసినప్పుడు బైండ్లను కాక, వలయాలను చూడండి. రెండే జరగొచ్చు.

మార్చిన రెండు గూళ్లూ ఒకే వలయంలోవైతే ఆ వలయం రెండు ముక్కలవుతుంది. మా పెద్ద వలయాన్నే తీసుకుందాం. మొదట్లోనే 1, 3 గూళ్ల మధ్య మార్పిడి చేశామనుకోండి. 1వ గూట్లోకి 9 వస్తుంది, 3వ గూట్లోకి 6 వస్తుంది. ఇప్పుడు దారి పట్టండి: 1లో 9, 9లో 1, ఒక వలయం. 3లో 6, 6లో 3, ఇంకో వలయం. నాలుగింటి వలయం రెండు జంటలయింది. ఈ మార్పిడితో ఒక్క బైండు కూడా ఇల్లు చేరలేదు. చూసేవాళ్లకు వృథా శ్రమలా కనిపిస్తుంది. కానీ ఆ రెండు జంటలకూ ఒక్కొక్క మార్పిడి చాలు, మొత్తం మళ్లీ మూడే. ఏ బైండు ఇల్లు చేరిందన్నది అసలు కొలత కాదు, వలయం తెగిందా లేదా అన్నదే కొలత.

మార్చిన గూళ్లు వేర్వేరు వలయాల్లోవైతే ఆ రెండు వలయాలూ కలిసిపోయి ఒక్కటవుతాయి. 1, 2 గూళ్ల మధ్య మార్పిడి చేస్తే దారి 1 → 8 → 2 → 6 → 3 → 9 → 1 అవుతుంది. నాలుగింటి వలయం, జంట కలిసి ఆరింటి వలయమైంది. ఇంతకుముందు ఆ రెండింటికీ కలిపి నాలుగు మార్పిడులు చాలేవి, ఇప్పుడు అయిదు కావాలి. చేసిన తప్పు మార్పిడి ఒకటి, దాన్ని సరిదిద్దడానికి ఇంకొకటి, వెరసి రెండు దండగ.

కాబట్టి ఒక మార్పిడి వలయాల లెక్కను ఒకటి పెంచుతుంది, లేదా ఒకటి తగ్గిస్తుంది. ఒకేసారి రెండు పెంచడం ఎవరివల్లా కాదు. అర సర్దుకుందంటే అర్థమేమిటి? ప్రతి బైండూ తన గూట్లో ఉందని, అంటే పది ఒంటరి వలయాలు ఉన్నాయని. మేం మొదలుపెట్టింది నాలుగుతో, చేరాల్సింది పదికి. మెట్టుకి ఒకటి చొప్పున ఎక్కాలంటే ఆరు మెట్లు తప్పవు. మేనల్లుడి ధీమా వెనకున్న కారణం ఇదే.

వలయాల గురించిన ఈ ఆలోచన పాతదే. ఫ్రెంచి గణితవేత్త కోషీ 1815లోనే ప్రస్తారాల మీద వ్యాసాలు ప్రచురించాడు. ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ కేలీ 1849లో ఈ మార్పిడుల లెక్కను చర్చించాడు. ఒక వరసను ఇంకో వరసగా మార్చడానికి కావలసిన అతి తక్కువ మార్పిడుల సంఖ్యను అందుకే ఈనాటికీ కేలీ దూరం అంటున్నారు.

కన్ను మోసపోయే చోటు

ఈ లెక్క తెలిశాక, కలగాపులగమైన వరసను చూసే చూపే మారిపోతుంది. ఈ రెండు వరసల్లో దేన్ని సర్దడం తేలికో చూడగానే చెప్పండి:

```
10  9  8  7  6  5  4  3  2  1
10  1  2  3  4  5  6  7  8  9
```

మొదటిది పూర్తిగా తలకిందులైంది. రెండోదాంట్లో 10 ఒక్కటే ముందుకొచ్చింది, మిగతావి బుద్ధిగా వరసలో ఉన్నాయి. కానీ మార్పిడుల లెక్కలో మొదటిదే తేలిక. దాంట్లో 1, 10 ఒక జంట, 2, 9 ఒక జంట, అలా అయిదు జంటలు, అయిదు వలయాలు. అయిదు మార్పిడులతో అయిపోతుంది. రెండోదాంట్లో 1లో 10, 10లో 9, 9లో 8 అంటూ పది గూళ్లూ ఒకే వలయంలో చిక్కుకున్నాయి. దానికి తొమ్మిది మార్పిడులు కావాలి. పది వస్తువులకు ఇంతకంటే కష్టమైన వరస లేదు.

ఇక్కడ ఒక పరిమితి చెప్పాలి. ఈ లెక్క చోట్లు మార్చుకునే పనికి మాత్రమే. చేతిలో పట్టుకున్న పేకముక్కల్లా ఒకదాన్ని లాగి ఇంకోచోట దూర్చే వీలుంటే, మిగతావి వాటంతటవే జరుగుతాయి. అప్పుడు రెండో వరసకు ఒకే పని: 10ని లాగి చివర దూర్చడం. మొదటి వరసకేమో తొమ్మిది సార్లు దూర్చాలి. పక్కపక్కనున్న వాటినే మార్చుకోవాలన్న నియమం ఉంటే ఇంకో లెక్క. అప్పుడు పెద్దది ముందు, చిన్నది వెనక ఉన్న జతలన్నీ లెక్కపెట్టాలి. మొదటి వరసకు 45, రెండోదానికి 9. మా అరకైతే 32. గూడు గూడుకీ పక్కకి జరుపుకుంటూ పోయే పద్ధతిలో మేం 32 సార్లు ఎక్కి దిగాల్సి వచ్చేది. అందుకే లెక్కకు ముందు, మన చేతికి ఏ కదలిక వీలవుతుందో తేల్చుకోవాలి.

ఇంకో సంతోషకరమైన సంగతి కూడా ఉంది. వలయాలు గీయకపోయినా, ఎడమనుంచి మొదలుపెట్టి "ఈ గూట్లో ఉండాల్సింది ఎక్కడుంది?" అని వెతికి, దాన్ని తెచ్చి, అక్కడున్నదాన్ని దాని చోటికి పంపుతూ పోతే చాలు. ఇప్పటికే సరిగ్గా ఉన్న గూటిని ముట్టుకోకూడదు. ప్రతిసారీ మార్చేవి ఒకే వలయంలోని రెండు గూళ్లు కాబట్టి ఈ పద్ధతిలో ఒక్క మార్పిడీ వృథా కాదు. మా అర మీద ప్రయత్నించండి, ఆరే వస్తుంది. కంప్యూటరు చదువుల్లో సెలక్షన్ సార్ట్ అని నేర్పేది ఇదే. వెతకడానికి సమయం ఎక్కువ పట్టినా, మార్పిడులు మాత్రం కనిష్ఠమే.

బేసి, సరి

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక తనిఖీ ఉంది. ప్రతి మార్పిడీ వలయాల లెక్కను కచ్చితంగా ఒకటి పైకో కిందికో జరుపుతుంది. నాలుగునుంచి పదికి చేరాలంటే ఆరు అడుగులు. దారిలో ఎన్ని తప్పటడుగులు వేసినా వాటికి దిద్దుబాట్లు జతపడతాయి కాబట్టి మొత్తం 6, 8, 10 ఇలా సరిసంఖ్యే అవుతుంది. ఏడు మార్పిడులతో ఈ అరను సర్దడం అసాధ్యం. పక్కపక్క మార్పిడుల లెక్క కూడా 32, సరిసంఖ్యే. మీకు ఎప్పుడైనా ఒక పద్ధతిలో సరి, ఇంకో పద్ధతిలో బేసి వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

1880లో అమెరికాను ఊపేసిన 15 పలకల ఆట కిటుకు కూడా ఇదే. నాలుగు వరసల పెట్టెలో 15 పలకలు, ఒక ఖాళీ. అన్నీ సరిగ్గా ఉండి 14, 15 మాత్రం తారుమారై ఉంటే, పలకలు జరిపి వాటిని సరిచేయమనేది సవాలు. పలకను ఖాళీలోకి జరపడమంటే పలకకు, ఖాళీకి మధ్య ఒక మార్పిడే. ఖాళీ తిరిగి తన మూలకు చేరాలంటే కుడికి వెళ్లినన్నిసార్లు ఎడమకు, పైకి వెళ్లినన్నిసార్లు కిందికి రావాలి. అంటే మార్పిడులు సరిసంఖ్యలోనే ఉంటాయి. 14, 15ను సరిచేయడానికి కావలసినవి మాత్రం బేసి. రెండూ ఎప్పటికీ కలవవు. జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు 1879లోనే ఒక గణిత పత్రికలో దీన్ని వివరించారు. అయినా ఎంతోమంది ఆ పలకలతో కుస్తీ పడుతూనే ఉన్నారు.

ఒకేలాంటివి ఉంటే

ఈ లెక్క తడబడే చోటు ఒకటుంది: ఒకే రకం వస్తువులు ఒకటికి మించి ఉన్నప్పుడు. నాలుగు గూళ్లలో మొదటి రెంటిలో ఎర్ర డబ్బాలు, తర్వాతి రెంటిలో పచ్చ డబ్బాలు ఉండాలి. ఇప్పుడు మొదటి రెంటిలో పచ్చవి, తర్వాతి రెంటిలో ఎర్రవి ఉన్నాయి. ఏ పచ్చ డబ్బా 3వ గూటికి వెళ్లాలి, ఏది 4వ గూటికి అన్నది మన ఇష్టం. 1 → 3 → 1, 2 → 4 → 2 అని ఎంచుకుంటే రెండు వలయాలు, రెండు మార్పిడులు. 1 → 3 → 2 → 4 → 1 అని ఎంచుకుంటే ఒకే వలయం, మూడు మార్పిడులు. కాబట్టి వలయాలు వీలైనన్ని ఎక్కువ వచ్చేలా ఇళ్లు కేటాయించాలి.

రకాలు మూడే అయితే ఇదీ తేలికే. ముందు నేరుగా మార్చుకోగల జంటలన్నీ తీర్చేసి, మిగిలిన మూడింటి వలయాలకు రెండేసి మార్పిడులు వేసుకోవాలి. 1996లో హంగరీలోని వెస్ప్రేమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పాఠశాల విద్యార్థులకు ఇచ్చిన ప్రశ్నల్లో ఇదొకటి. రకాలు పెరిగేకొద్దీ మాత్రం చిక్కు బిగుసుకుంటుంది. ఏ వరస ఇచ్చినా త్వరగా కనిష్ఠాన్ని తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అన్నీ వేరువేరుగా ఉన్నప్పుడు చిన్నపిల్లలు కూడా చేయగల లెక్క, పోలికలు కలిసేసరికి ఇంత మొండికేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మీరూ చేసి చూడండి. పేకలోంచి ఒకే రంగువి 1 నుంచి 10 దాకా తీసి, బాగా కలిపి, బల్ల మీద వరసగా పరచండి. వలయాలు గీసి, లెక్కపెట్టి, పదిలోంచి తీసేయండి. పలుమార్లు కలిపి చూస్తే వలయాలు సగటున మూడుకి కాస్త తక్కువ వస్తాయి, మార్పిడులు ఏడు దాకా అవుతాయి. పదిసార్లలో ఒకసారి చొప్పున పది ముక్కలూ ఒకే వలయంలో చిక్కుకుంటాయి, అప్పుడు తొమ్మిది. తొమ్మిదికి మించి మాత్రం, ఎంత కలిపినా, ఎప్పటికీ అవసరం రావు.